ముప్పై కుండీలకు మొత్తం ఎంత, నెలకెంత?

ప్రశ్న: మా మిద్దె మీద 30 కుండీలతో కూరగాయల తోట వేద్దామనుకుంటున్నాను. మొక్కలు అమ్మే అతను రాసిచ్చిన కాగితంలో కుండీలు, మట్టి, మొక్కలు అని మూడే పంక్తులున్నాయి. పోయినేడాది 8 అంగుళాల కుండీలు 12 తెచ్చాను. వేసవిలో రోజూ నీళ్లు పోసినా సగానికి పైగా ఎండిపోయాయి. వాటికి మొత్తం ఎంత అయిందో మావారికి పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు ఆయన "మొత్తం ఎంత, నెలకెంత, రాసి చూపించు, అప్పుడు ఆలోచిద్దాం" అంటున్నారు. ఈసారి 12 అంగుళాల కుండీలు కొనాలని ఉంది. మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంది కానీ కుళాయి లేదు, నాకేమో మోకాళ్ల నొప్పులు. ఆ మూడు పంక్తులు చూపిస్తే సరిపోతుందా? కొనుక్కుని తినడమే చవక అని ఆయన అంటే ఏం చెప్పాలి? — ఒక పాఠకురాలు

సమాధానం: ఆ మూడు పంక్తులు చూపిస్తే సరిపోదు. అతను రాసినది అబద్ధమని నా ఉద్దేశం కాదు. తాను అమ్మే సరుకు వరకే రాశాడు. మిద్దె తోటలో అతను అమ్మని వస్తువులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. సరుకు పైకి చేర్చే కూలి, నీళ్లు, పంట పంటకూ మళ్లీ కొనే నారు, కుండీ పగిలితే తెచ్చే కొత్త కుండీ ఆ కాగితంలో కనిపించవు. ధరలు ఊరికో రకంగా, కాలానికో రకంగా ఉంటాయి కాబట్టి నేను పరిమాణాలు మాత్రమే కట్టి ఇస్తాను. వాటి పక్కన మీకు దొరికే ధరలు మీరు వేసుకోండి. పరిమాణం సరిగ్గా ఉంటే ధర వేయడం పావుగంట పని.

ముందుగా పోయినేడాది సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఈసారి లెక్కకు మూలం అక్కడే ఉంది. 8 అంగుళాల కుండీలో అంచుకు కాస్త కిందివరకు నింపితే సుమారు 4 లీటర్ల మట్టి మిశ్రమం పడుతుంది. మంచి మిశ్రమం తన ఘనపరిమాణంలో దాదాపు నాలుగో వంతు నీటిని మాత్రమే వేళ్లు సులువుగా పీల్చుకునేలా పట్టి ఉంచుతుంది, మిగతా తడి మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని ఉంటుంది. అంటే మీ కుండీలో మొక్కకు అందే నీరు ఒక లీటరు. ఎదిగిన టమాటా లేదా వంగ మొక్క ఎండ మండిపోయే రోజున ఒకటిన్నర లీటర్లకు పైగా తాగుతుంది. మీరు ఉదయం కుండీ అడుగునుంచి కారేదాకా పోసినా మధ్యాహ్నానికి అది ఖాళీ. సాయంత్రం మళ్లీ పోసేలోపు మొక్క రెండు మూడు గంటలు వాడిపోయి ఉంటుంది. ఇలా పది రోజులు గడిస్తే పూత రాలుతుంది, తరువాత ఆకు ఎండుతుంది. లోపం మీ శ్రద్ధలో లేదు, కుండీ పరిమాణంలో ఉంది. అదే మొక్కను 12 అంగుళాల కుండీలో పెడితే 14 లీటర్ల మిశ్రమం, దానిలో మూడున్నర లీటర్ల అందే నీరు, అంటే రెండు రోజుల నిల్వ ఉంటుంది. అంగుళాల్లో చూస్తే ఒకటిన్నర రెట్లే, మట్టిలో చూస్తే మూడున్నర రెట్లు.

అందుకే కుండీల సంఖ్యతో లెక్క కట్టకండి, లీటర్లతో కట్టండి. మట్టి ఖర్చు, బరువు, ఎరువు, ఎన్ని రోజులకు నీళ్లు పోయాలన్నది అన్నీ ఆ లీటర్ల వెంటే నడుస్తాయి. కుండీ మీద రాసిన అంగుళాలను నమ్మవద్దు. కొందరు అంచు బయటినుంచి బయటికి కొలుస్తారు, కొన్ని కుండీలు అడుగుకు వచ్చేసరికి బాగా సన్నబడతాయి. ఒకే ఒక్క కుండీ తెచ్చుకుని, లోపల పాలిథిన్ సంచి పరిచి, లీటరు సీసాతో నీళ్లు పోస్తూ లెక్కపెట్టండి. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలి ఆపేయండి. వచ్చిన అంకె మీ కుండీ అసలు పరిమాణం. అది 14 అని నేను అనుకుంటున్నాను. మీకు 11 వస్తే ఇక్కడి అంకెలన్నీ ఆ మేరకు తగ్గించుకోండి.

ఇక మట్టి. 30 కుండీలకు 14 లీటర్ల చొప్పున 420 లీటర్లు. అంతే కలిపితే చాలదు. మొదటి వారం నీళ్లు పోసేసరికి మిశ్రమం కుంగుతుంది, కుండీ పైభాగం నాలుగు వేళ్లు ఖాళీగా కనిపిస్తుంది. దానికి 15 శాతం కలుపుకుంటే దాదాపు 480 లీటర్లు అవుతుంది. ఇంకో తరుగు కూడా ఉంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఒక బకెట్టు మట్టి, ఒక బకెట్టు కంపోస్టు, ఒక బకెట్టు కొబ్బరి పొట్టు కలిపితే మూడు బకెట్ల మిశ్రమం రాదు. సన్నని మట్టి రేణువులు పీచు మధ్య ఖాళీల్లోకి దిగిపోతాయి. దానికి పదో వంతు వదులుకోవాలి. కాబట్టి మూడూ కలిపి 540 లీటర్లు, ఒక్కొక్కటి 180 లీటర్లు కావాలి. నేను మొదటిసారి తోట వేసినప్పుడు ఈ రెండు తరుగులూ తెలియక సంచుల లెక్కన మట్టి తెప్పించాను. కుండీలన్నీ మూడో వంతు వెలితిగా ఉండిపోయాయి, మిగిలిన కొద్దిపాటి మట్టికి మళ్లీ బండి కిరాయి ఇచ్చాను. ఆ రెండో కిరాయి మట్టి ధర కంటే ఎక్కువ.

180 లీటర్ల ఎర్రమట్టి లేదా తోటమట్టి పొడిగా ఉంటే 235 కిలోల దాకా తూగుతుంది. కంపోస్టు 180 లీటర్లంటే దాదాపు 110 కిలోలు. కంపోస్టును కిలోల్లో అమ్ముతారు, అందులో తడి ఎక్కువుంటే మీరు నీళ్లకు డబ్బు ఇచ్చినట్లే. ఒక పిడికెడు తీసి గట్టిగా నొక్కి చూడండి. ముద్దగా నిలిచి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకుండా ఉంటే సరైన తడి. చుక్కలు కారితే తూకం మోసపోయినట్లే, ముక్కుకు కుళ్లు వాసన తగిలితే అది ఇంకా మాగలేదు, వేళ్లను దెబ్బతీస్తుంది. కొబ్బరి పొట్టు ఇటుకలుగా వస్తుంది. 5 కిలోల దిమ్మె నానితే 60 నుంచి 75 లీటర్లకు ఉబ్బుతుంది కాబట్టి మూడు దిమ్మెలు చాలు. దాన్ని నానబెట్టి, నీళ్లు పిండేసి, ఇంకోసారి కడగండి. కడగని పొట్టులో ఉప్పు ఉంటే ఆకుల అంచులు కాలినట్లు అవుతాయి, మీరు దాన్ని ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. పోయినేడాది కుండీల్లో మిగిలిన 50 లీటర్ల పాత మిశ్రమాన్ని పారేయకండి. వేర్లు, పురుగులు ఏరి, గుట్టగా ఆరబోసి, కొత్త కంపోస్టుతో కలిపితే మట్టి వాటాలో అది పనికొస్తుంది. అయితే మొక్కలు ఎండకు పోకుండా కాండం మొదట్లో కుళ్లి పోయి ఉంటే మాత్రం దాన్ని కూరగాయల కుండీల్లోకి తేకండి.

ఇవన్నీ మెట్లెక్కాలి. 20 కిలోల సంచుల లెక్కన మట్టి 12 సంచులు, కంపోస్టు 5 లేదా 6. దీనికి కూలి ఒక పంక్తి. మీరో మీవారో మోస్తాం అనుకుని ఆ పంక్తి తీసేయకండి. మీ మోకాళ్ల సంగతి మీరే రాశారు.

పైకి చేర్చే ముందు ఒక పరీక్ష ఉంది. తడిసిన కుండీ, మొక్కతో సహా, ఒక్కొక్కటి 16 కిలోలు ఉంటుంది, ముప్పైకి దాదాపు 480 కిలోలు. ఇది స్లాబు నడిమధ్యలో గుంపుగా ఉండకూడదు. గోడల మీదుగా, దూలాల మీదుగా, పిట్టగోడ వెంబడి పరచాలి. ఇల్లు పాతదైతే, సీలింగుకు పగుళ్లు లేదా తడి మచ్చలు ఉంటే, కట్టడాల ఇంజనీరుకు చూపించే ఖర్చు అన్నిటికంటే ముందు పెట్టండి. నీటి కారుడు సంగతి తెలియాలంటే, నీళ్లు పోయే గొట్టాన్ని మూసి, మిద్దె మీద రెండు అంగుళాల లోతున నీళ్లు నిలిపి, రెండు రోజులు కింది గదుల సీలింగు చూడాలి. రెండు అంగుళాల నీరు ప్రతి చదరపు మీటరు మీదా 50 కిలోల బరువు, కాబట్టి స్లాబు మీద అనుమానం ఉంటే ఇంజనీరు చూశాకే ఈ పరీక్ష చేయండి. తడి మచ్చ వస్తే ముందు వాటర్‌ప్రూఫింగ్. కుండీలు పెట్టాక ఆ పని చేయించాలంటే అరటన్ను సరుకును పక్కకు జరపాలి. కుండీల కింద ఇటుక ముక్కలో స్టాండ్లో ఉంచితే అడుగున గాలి ఆడి స్లాబు ఆరుతుంది, కుండీ రంధ్రాలు మూసుకుపోవు. చిన్న ఖర్చే, కానీ 30 కుండీలకు మూడేసి చొప్పున 90 ముక్కలు.

నీటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. పోయినేడాది మిమ్మల్ని ఓడించింది ఇదే. మొక్క రోజుకు ఎంత తాగుతుందో ఎవరినీ అడగనక్కరలేదు, తూకం చెబుతుంది. ఒక కుండీకి కారేదాకా నీళ్లు పోయండి. గంట ఆగి, కారడం పూర్తయ్యాక తూచండి. మర్నాడు అదే వేళకు, నీళ్లు పోయకముందు మళ్లీ తూచండి. మొదటిరోజు 15.8 కిలోలు, మర్నాడు 14.2 కిలోలు ఉంటే 1.6 కిలోలు తగ్గింది, అంటే 1.6 లీటర్లు ఆవిరైంది. కిలో నీరంటే లీటరే. కారిపోయే దానికి అయిదో వంతు కలుపుకుంటే కుండీకి 2 లీటర్ల దగ్గరగా వస్తుంది. మనుషులు తూచుకునే యంత్రం చాలు. కుండీ ఎత్తే పని మీవారికి అప్పగించండి. లెక్క అడిగినది ఆయనే కదా, ఒక అంకె ఆయన చేతుల మీదుగా వస్తే దాని మీద వాదన ఉండదు.

ఎండాకాలంలో 2 లీటర్లు, మామూలు రోజుల్లో 1 లీటరు అనుకుంటే, 30 కుండీలకు ఎండాకాలంలో రోజుకు 60 లీటర్లు, నెలకు 1,800. మామూలు నెలలో 900. వానలు పడే నెలల్లో చాలా తక్కువ, అయినా సున్నా కాదు, ఎందుకంటే పిట్టగోడ చాటున, గుబురు ఆకుల కింద ఉన్న కుండీలో వాన చుక్క పడదు. మీ ఇంట్లో నీరు డబ్బు పెట్టి కొనేదైతే 1,800 లీటర్ల పంక్తి పెద్దదే. కొననిదైతే ఖర్చు మోతలో ఉంటుంది. 15 లీటర్ల బకెట్టుతో కింది నుంచి తెస్తే రోజుకు 4 బకెట్లు, మీరు సగమే నింపుకుంటారు కాబట్టి 8 సార్లు మెట్లు. ఇది మూడో వారానికి ఆగిపోతుందని నేను రాసి ఇవ్వగలను. మిద్దె మీదే ట్యాంకు ఉన్నప్పుడు దాని గొట్టం నుంచి ఒక కుళాయి తీయించడం మీ కాగితంలో మొదటి పంక్తి కావాలి. కుండీల కంటే ముందు అది.

కుళాయి వచ్చాక డ్రిప్ పెట్టాలా, రబ్బరు గొట్టంతో పోయాలా అన్నది మీ ఇష్టం. గొట్టంతో 30 కుండీలకు 20 నిమిషాలు పడుతుంది, మొక్కలను రోజూ చూసినట్లూ ఉంటుంది. డ్రిప్ కొనేటప్పుడు ఒక చిక్కు గమనించండి. డ్రిప్పర్ మీద గంటకు 4 లీటర్లు అని ఉంటుంది. ఆ అంకె సాధారణంగా 10 మీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడికి వర్తిస్తుంది. మీ ట్యాంకు నీటిమట్టం కుండీల కంటే మీటరున్నర ఎత్తులో ఉంటే అదే డ్రిప్పర్ గంటకు ఒకటిన్నర లీటర్ల దగ్గర ఆగిపోతుంది. పావుగంటలో లీటరు పడుతుందనుకుని కుళాయి కట్టేస్తే పడేది దానిలో సగం కూడా ఉండదు. ఒత్తిడిని సమం చేసే రకం డ్రిప్పర్లు ఇంత తక్కువ ఎత్తుకు అసలు పనిచేయకపోవచ్చు, అలాంటివి కొనకండి. బిగించిన రోజున ట్యాంకుకు దగ్గరి కుండీ దగ్గర ఒక గ్లాసు, అన్నిటికంటే దూరపు కుండీ దగ్గర ఒక గ్లాసు పెట్టి, పది నిమిషాల్లో ఎంత నిండిందో కొలిచి, దాన్నిబట్టి సమయం నిర్ణయించుకోండి. నెలకోసారి మళ్లీ కొలవండి, ఉప్పు నీళ్లకు డ్రిప్పర్లు త్వరగా పూడుకుంటాయి. ఎండాకాలం కోసం నీడవల ఒకటి ముందే లెక్కలో వేసుకుంటే ఆ నెలల్లో నీటి అవసరం తగ్గుతుంది, పూత నిలుస్తుంది. అయితే దాన్ని కట్టే గుంజలు, గాలికి లేవకుండా పట్టే బిగింపు కూడా ఆ పంక్తిలోనే రావాలి.

ఇప్పుడు నెలవారీ ఖర్చు. చాలామంది కుండీ, మొక్క, మట్టి ఒకసారి ఖర్చని, నీళ్లు, ఎరువు నెల ఖర్చని విడదీస్తారు. ఆ విభజన తప్పుదారి పట్టిస్తుంది. ఎండలో ఉండే ప్లాస్టిక్ కుండీ మూడేళ్లకు పెళుసుబారి అంచు పట్టుకోగానే విరిగిపోతుంది. 30 కుండీలు, 36 నెలలు అంటే దాదాపు నెలకు ఒక కుండీ పోతున్నట్లు. నారు కూడా అంతే. కూరగాయ మొక్క కుండీలో నాలుగు నెలలు కాసి అలసిపోతుంది. 30లో ఆరింటిలో నిమ్మ, పుదీనా లాంటి నిలిచే మొక్కలు వేసి, 24 కూరగాయలకు ఉంచితే, ఏడాదికి మూడు పంటలకు 72 నారు మొక్కలు, చచ్చేవాటిని కలుపుకుంటే 83, అంటే నెలకు 7. కంపోస్టు కూడా పంటపంటకూ కావాలి. కోత అయిన ప్రతి కుండీకి అయిదో వంతు, సుమారు 3 లీటర్లు కలపాలి, లేకపోతే రెండో పంట మొదటి పంటలో సగం కూడా కాయదు. 24 కుండీలకు ఏడాదికి 216 లీటర్లు, నిలిచే మొక్కలకు కాస్త కలుపుకుంటే నెలకు 20 లీటర్లు, 12 కిలోలు. అంటే ఏ నెలలో అయినా, మీరు బజారుకు వెళ్లినా వెళ్లకపోయినా, ఒక కుండీ, 7 నారు మొక్కలు, 12 కిలోల కంపోస్టు, ఆ నెల నీళ్లు కొంటున్నారు. వేపనూనె, కట్టే తాళ్లు, పుల్లలు దీనికి కొసరు. ఈ నాలుగింటికి మీ దగ్గరి ధరలు వేస్తే మీవారు అడిగిన "నెలకెంత" వస్తుంది. కుండీ పంక్తిని ప్రతి నెలా నిజంగా పక్కన పెడితే మూడో ఏట ఒకేసారి ముప్పై కుండీలు కొనాల్సిన దెబ్బ తగలదు. ఇంట్లో కూరగాయల తొక్కలతో కంపోస్టు చేసుకుంటే ఆ 12 కిలోలలో కొంత తగ్గుతుంది, కానీ మొదటి నాలుగు నెలల్లో దాన్ని లెక్కలో వేసుకోకండి, అది మాగాలి.

ఇంత చూశాక మీ ముందు మూడు దారులు ఉన్నాయి. మొదటిది మీరనుకున్నదే, 30 కుండీలు ఒకేసారి. కుళాయి, కిరాయి, కూలి ఒక్కసారే పడతాయి కాబట్టి కుండీ మీద తలసరి ఖర్చు అన్నిటికంటే తక్కువ. అయితే ఏదైనా తప్పు జరిగితే ముప్పయింటిలోనూ ఒకేసారి జరుగుతుంది. మట్టి మిశ్రమం గట్టిపడితే 30 కుండీలు తిరగబోయాలి.

రెండోది 10 కుండీలతో ఒక పంట వేసి చూడడం. మిశ్రమం 160 లీటర్లు చాలు, అందులో 50 మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఎండాకాలంలోనైనా రోజుకు 20 లీటర్లే. కుళాయి ఖర్చు మాత్రం పదింటికైనా ముప్పైకైనా ఒకటే కాబట్టి ఒక్కో కుండీ మీద ఖర్చు ఎక్కువగా కనిపిస్తుంది, మట్టి కిరాయి కూడా రెండుసార్లు పడుతుంది. దానికి బదులుగా మీకు నాలుగు నెలల సొంత అంకెలు దొరుకుతాయి. ఎన్ని లీటర్లు పోశారు, ఎన్ని మొక్కలు చచ్చాయి, ఎంత కాసింది అన్న వివరాలు. మిగిలిన 20 కుండీలు కొనాలో వద్దో నిర్ణయించడానికి మీవారికైనా మీకైనా అంతకంటే మంచి ఆధారం ఉండదు.

మూడోది, 50 లీటర్ల తొట్లు ఎనిమిది. మొత్తం మట్టి 400 లీటర్లు, ముప్పై కుండీలకు పట్టేదానికి దాదాపు సమానం. తోట మొత్తం మీద ఆకు పరుపు అంతే ఉంటే తాగే నీరూ, మట్టిలో నిలిచే నీరూ దాదాపు అంతే, కానీ ఎనిమిది చోట్ల ఆగి పోస్తే చాలు, వంగడం తక్కువ. మీ మోకాళ్లకు ఇదే సుఖం. ఇబ్బంది ఏమిటంటే, ఒక్కో తొట్టి తడిసి 55 కిలోలు దాటుతుంది, పెట్టాక జరపలేరు, ఎండ మారినా స్లాబు కింద మచ్చ కనిపించినా కదపాలంటే ఖాళీ చేయాలి. వేరుకుళ్లు వస్తే ఒక తొట్టిలోని మొక్కలన్నీ పోతాయి. రకాలూ తగ్గుతాయి.

నన్నడిగితే, కుళాయి ముందు, తరువాత 10 కుండీలు అంటాను. కానీ మీకు మోకాళ్ల నొప్పులు ఎక్కువుంటే మూడో దారిని తక్కువ చేయవద్దు. ఏది ఎంచుకున్నా ఎండాకాలం ముంగిట మొదలుపెట్టకండి. వేరు కుండీ అంతా పరచుకోకముందే ఎండ ముదిరితే పోయినేడాది కథే మళ్లీ వస్తుంది.

కొనుక్కుని తినడం చవకా అన్న ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, టమాటా, వంగ, మిరపలకు చాలాసార్లు అవును. 12 అంగుళాల కుండీలో ఒక టమాటా మొక్క బాగా కాస్తే ఒకటి రెండు కిలోలు ఇస్తుంది. దానికి ఎదురుగా నాలుగు నెలల్లో దాని వాటా కుండీ, కంపోస్టు, నీళ్లు పెట్టి చూడండి, మీ ధరల్లో ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. ఆకుకూరలు, పుదీనా లెక్క వేరు. అవి కోసిన కొద్దీ చిగురిస్తాయి, ఎండలో వాడకుండా కావలసినంతే తెంపుకోవచ్చు, కుళ్లి పారేసేది ఉండదు. అందుకే ఆదా మాట వస్తే ఆకుకూరల కుండీలనే చూపండి, మిగతా కుండీల మీద పెట్టేది మీకు ఇష్టమైన పని మీద పెట్టే ఖర్చని ఒప్పుకోండి. దాన్ని కూరగాయల ఖాతాలో దాచడం వల్లనే ఇంట్లో నమ్మకం పోతుంది. కోసిన ప్రతిసారీ తూచి, తేదీతో రాసి ఉంచండి. మీ శ్రమకు కూలి కట్టాలా వద్దా అన్నది మీరిద్దరూ ముందే అనుకోండి, ఎందుకంటే కడితే ఏ మిద్దె తోటా లాభంలో కనిపించదు, కట్టకపోతే ఆయన ఆదివారాలు ఉచితమైపోతాయి.

పోయినేడాది అయిన మొత్తం ఖర్చును కాగితంలో అన్ని పంక్తులకూ పైన రాయండి. మీరు చెప్పకపోయినా ఈ లెక్క చదివిన మనిషి "మరి అప్పుడెంత అయింది" అని అడుగుతారు. దాని పక్కనే 4 లీటర్ల కుండీకి లీటరు నీరే నిలుస్తుందన్న కారణం రాయండి. దాచిన అంకె కంటే, కారణం పక్కనున్న అంకెకు కోపం తక్కువ వస్తుంది. చివర మాత్రం ఎవరూ వేయని ఇంకో పంక్తి వేయండి: ఆపేస్తే ఎంత? కుండీలు ఎవరైనా తీసుకుంటారు, కానీ 400 లీటర్ల మట్టి అవే మెట్ల మీదుగా కిందికి దిగాలి, దానికీ కూలి ఉంటుంది. 10 కుండీలైతే ఆ పంక్తిలో 140 లీటర్లే, వారం రోజులు తలా ఒక బకెట్టు దించుకుంటే అయిపోతుంది.